ఫోటోలోని సైనికుడి హోదా, దళం చదవడం ఎలా: భుజపట్టీ నుంచి చేతి బిళ్ళ దాకా

"మా తాతగారు మిలిటరీలో పనిచేశారు. ఆయన ఏ హోదాలో ఉండేవారో ఈ ఫోటో చూసి చెప్పగలరా?" అని అడుగుతూ పాత ఫోటోలు పంపేవారు చాలామంది. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాస్తూ వచ్చాను. అందరికీ చెప్పవలసింది దాదాపు ఒకటే కనుక, ఎవరి ఫోటో వారే చదువుకునేలా ఆ పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది భారత సైన్యానికి, అంటే పదాతి దళం, ఫిరంగి దళం, ఇంజనీర్లు, సరఫరా దళం వంటివాటికి వర్తిస్తుంది. 1940ల నాటి ఫోటోలకూ నేటి ఫోటోలకూ పనికివస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. యూనిఫారం మీద మూడు ప్రశ్నలకు మూడు చోట్ల జవాబులుంటాయి. హోదా ఏమిటో భుజపట్టీ మీది నక్షత్రాలో, చేతి మీది గీతలో చెబుతాయి. ఏ రెజిమెంటు మనిషో భుజపట్టీ చివరి అక్షరాలు చెబుతాయి. ఆ రోజుల్లో ఎక్కడ, ఎవరి కింద పనిచేస్తున్నాడో చేతి మీది గుడ్డబిళ్ళ చెబుతుంది. ఒక ప్రశ్నకు జవాబును ఇంకో చోట వెతకడం వల్లే పొరపాట్లలో చాలా భాగం జరుగుతాయి.

## 1. ఫోటోను సిద్ధం చేసుకోవడం

ఫోన్‌లో ఫ్రేము మీదుగా తీసిన ఫోటోతో పని జరగదు. అద్దం మెరుపు సరిగ్గా భుజం మీదే పడుతుంది. వీలైతే ఫోటోను ఫ్రేము నుంచి తీసి కనీసం 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగవద్దు. పైపొర ఊడి అద్దం మీదే ఉండిపోతుంది. అప్పుడు అద్దంతో పాటే, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి ఫోటో తీయండి.

తర్వాత ఫోటో తిరగబడిందో లేదో చూడాలి. పాత నెగెటివ్‌ను వెనుకవైపు నుంచి ముద్రిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. సైనికుడి సొంత పతకాలు, వాటి రిబ్బన్లు ఎప్పుడూ ఎడమ రొమ్ము మీదే ఉంటాయి. అవి కుడివైపు కనిపిస్తే, చొక్కా గుండీల పట్టీ కూడా ఆడవారి జాకెట్టులా కుడి అంచు పైకి వచ్చి ఉంటే, ఫోటో తిరగబడినట్టే. భుజం మీది అక్షరాలు కొన్నయినా కనిపిస్తే సందేహమే ఉండదు.

కుడి, ఎడమ అని నేను ఎక్కడ రాసినా అది ఫోటోలోని మనిషి కుడి, ఎడమ. ఆయన కుడిచేయి మీకు ఎడమవైపు కనిపిస్తుంది. మామూలు మాటే అయినా, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- స్కాన్‌లో భుజం భాగాన్ని పెద్దది చేస్తే నక్షత్రం ఆకారం తెలుస్తోందా?
- ఫోటో తిరగబడలేదని నిర్ధారించుకున్నారా?
- ఫోటో వెనుకవైపు చూశారా? స్టూడియో ముద్ర, ఊరు పేరు, తేదీ ఉండవచ్చు.
- అదే మనిషివి ఇంకా ఫోటోలు ఉన్నాయా? ఒకదానిలో కనిపించని భుజం మరొకదానిలో కనిపిస్తుంది.

## 2. ముందుగా, ఇది సైన్యమేనా?

ఖాకీ కట్టిన ప్రతివారూ సైనికులు కారు. హోదా చదవడానికి ముందే ఈ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అవే నక్షత్రాలు పోలీసులకూ ఉంటాయి.

పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌కు రెండు నక్షత్రాలు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు నక్షత్రాలు, వాటి కింద ఎరుపు, నీలం రంగుల అడ్డపట్టీ ఉంటాయి. సైన్యంలో సుబేదారుకూ రెండు నక్షత్రాలు, అడ్డపట్టీ ఉంటాయి. కానీ ఆ పట్టీ ఎరుపు, పసుపు, ఎరుపు. నలుపు తెలుపు ఫోటోలో రంగు తెలియదు కనుక పట్టీ ఎన్ని భాగాలుగా ఉందో చూడండి. మధ్యలో లేత చార, రెండు పక్కలా ముదురు చారలుంటే సైన్యం అనుకోవచ్చు. అయితే బాగా పాత ఫిల్ము మీద పసుపు కూడా నల్లగా పడుతుంది. అప్పుడు పట్టీని వదిలి, భుజపట్టీ చివరి అక్షరాలను, టోపీ బిళ్ళను నమ్ముకోవాలి.

రెండో అనుమానం ఎన్‌సీసీ. కళాశాల రోజుల్లో తీసుకున్న ఫోటోను తర్వాతి తరం "మిలిటరీ ఫోటో" అనుకోవడం మామూలే. ఎన్‌సీసీలోనూ చేతి గీతలుంటాయి. భుజం మీద ఎన్‌సీసీ అన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఎన్‌సీసీ ఏర్పడింది 1948లో కనుక అంతకంటే పాత ఫోటో అయితే ఈ అనుమానం అక్కర్లేదు.

నౌకాదళాన్ని, వైమానిక దళాన్ని వేరుచేయడం తేలిక. ఈ రెండింటిలోనూ ఆఫీసర్లకు భుజం మీదో, ముంజేతి చుట్టో నక్షత్రాలకు బదులు అడ్డ చారలుంటాయి. నావికుల చేతి మీద లంగరు ఉంటుంది. ఒక లంగరు ఉంటే లీడింగ్ హోదా, అడ్డంగా పెట్టిన రెండు లంగర్లుంటే పెట్టీ ఆఫీసర్. ఇక్కడే మరో చిక్కు ఉంది. సైన్యంలో కెప్టెన్ మూడు నక్షత్రాల యువ అధికారి. నౌకాదళంలో కెప్టెన్ నాలుగు చారల పెద్ద అధికారి, సైన్యంలోని కర్నల్‌తో సమానం. "కెప్టెన్‌గా చేశారు" అని ఇంట్లో చెప్పుకుంటే, ఏ దళంలో అన్నది తేలేదాకా ఆ మాటకు విలువ కట్టవద్దు.

## 3. చేతి మీద చూడాలా, భుజం మీద చూడాలా?

సైన్యంలో హోదాలు మూడు తరగతులు. ఈ తరగతి తేలితే పని సగం అయినట్టే.

సిపాయి నుంచి హవల్దార్ దాకా ఉన్నవారి హోదా చేతి మీద ఉంటుంది. భుజపట్టీ మీద రెజిమెంటు అక్షరాలు తప్ప నక్షత్రాలేమీ ఉండవు. సుబేదారు తరగతివారి హోదా భుజం మీద, అడ్డపట్టీతో ఉంటుంది. ఆఫీసర్ల హోదా భుజం మీద, అడ్డపట్టీ లేకుండా ఉంటుంది.

చేతి గీతలు ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో, మొన కిందికి ఉండేలా, మోచేతికి పైన కుట్టి ఉంటాయి. నేటి యూనిఫారంలో ఇవి కుడిచేతి మీద కనిపిస్తాయి. లెక్క ఇలా:

- గీతలు లేవు: సిపాయి. దళాన్ని బట్టి ఇతనినే గన్నర్, సాపర్, సవార్ అని కూడా అంటారు. హోదా ఒకటే.
- ఒక గీత: లాన్స్ నాయక్
- రెండు గీతలు: నాయక్
- మూడు గీతలు: హవల్దార్

గుర్రపు దళం సంప్రదాయం ఉన్న రెజిమెంట్లలో నాయక్‌ను లాన్స్ దఫేదార్ అని, హవల్దార్‌ను దఫేదార్ అని పిలుస్తారు. పేరు మారినా గీతల లెక్క మారదు.

పాత ఫోటోల్లో మోచేతికి కింద, ఎడమ ముంజేతి మీద, మొన పైకి ఉండే చిన్న గీతలు కనిపిస్తాయి. అవి హోదా గుర్తులు కావు. మచ్చలేని నడవడితో గడిపిన సర్వీసుకు ఇచ్చినవి. మూడు గీతలు కనిపించాయి కదా అని హవల్దార్ అని రాసేయకండి. మొన ఎటు ఉంది, మోచేతికి పైనా కిందా అన్నవి రెండూ చూడండి.

## 4. అడ్డపట్టీ: అందరూ తప్పుచదివే చోటు

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. తెలుగు ఇళ్ళలోని పాత ఫోటోల్లో కనిపించే "లెఫ్టినెంట్లు" చాలామంది నిజానికి సుబేదార్లు. అది తక్కువతనం కాదు. సిపాయిగా చేరి, పదిహేను ఇరవై ఏళ్ళు పనిచేసి, మనుషులను నడిపించగలడని నమ్మకం కుదిరాక వచ్చే హోదా అది. దాన్ని సరైన పేరుతో పిలవడమే ఆయనకు గౌరవం.

వీరిని జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు అంటారు, వాడుకలో జేసీఓలు. సిపాయిలకూ ఆఫీసర్లకూ మధ్య ఉండే తరగతి ఇది. గుర్తులివి:

- ఒక నక్షత్రం, కింద అడ్డపట్టీ: నాయబ్ సుబేదార్
- రెండు నక్షత్రాలు, కింద అడ్డపట్టీ: సుబేదార్
- అశోకుని సింహముద్ర, కింద అడ్డపట్టీ: సుబేదార్ మేజర్

గుర్రపు దళపు రెజిమెంట్లలో సుబేదార్ అన్నచోట రిసాల్దార్ అంటారు. నాయబ్ సుబేదార్‌ను 1965 దాకా జమేదార్ అనేవారు. కాబట్టి తాతగారి కాగితాల్లో "జమేదార్" అని ఉండి, ఫోటోలో ఒక నక్షత్రం, పట్టీ కనిపిస్తే రెండూ సరిపోయినట్టే.

పట్టీ ఎక్కడ వెతకాలి? భుజపట్టీ చేతివైపు చివర రెజిమెంటు అక్షరాలుంటాయి. మెడవైపుకు వెళ్ళేకొద్దీ నక్షత్రాలుంటాయి. ఆ రెండింటికీ మధ్య, భుజపట్టీకి అడ్డంగా వేలు వెడల్పు కూడా లేని గుడ్డపట్టీ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమరిక ఇది. అంతకు ముందు, రెండు యుద్ధాల మధ్య కాలంలో, ప్రతి నక్షత్రం కిందా విడివిడిగా చిన్న పట్టీ ఉండేది. కనుక పట్టీ ఒకటే ఉందా, నక్షత్రానికొకటి ఉందా అన్నది ఫోటో కాలాన్ని కూడా చెబుతుంది.

మనిషి కెమెరాకు ఎదురుగా నిలబడితే భుజపట్టీ దాదాపు అంచు మాత్రమే కనిపిస్తుంది, పట్టీ నీడలో కలిసిపోతుంది. అప్పుడు రెండు భుజాలనూ విడివిడిగా పెద్దవి చేసి చూడండి. వెలుగు పడిన వైపు భుజం మీద నక్షత్రానికీ అక్షరాలకూ మధ్య ఖాళీ ఎంత ఉందో గమనించండి. అక్కడ బట్ట రంగు కాకుండా మరో ఛాయ ఉంటే పట్టీ ఉన్నట్టు. ఖచ్చితంగా తేలకపోతే "రెండు నక్షత్రాలు, పట్టీ తేలలేదు" అని రాసి పెట్టుకోండి. ఊహించి నింపవద్దు.

## 5. ఆఫీసర్ల భుజం

అడ్డపట్టీ లేదని తేలాక ఆఫీసర్ల లెక్క సూటిగా ఉంటుంది. ముందు నక్షత్రాలు పెరుగుతాయి, తర్వాత సింహముద్ర వస్తుంది, దాని పక్కన మళ్ళీ నక్షత్రాలు పెరుగుతాయి, ఆపైన కత్తి, దండం వస్తాయి.

- రెండు నక్షత్రాలు: లెఫ్టినెంట్
- మూడు నక్షత్రాలు: కెప్టెన్
- సింహముద్ర: మేజర్
- సింహముద్ర, ఒక నక్షత్రం: లెఫ్టినెంట్ కర్నల్
- సింహముద్ర, రెండు నక్షత్రాలు: కర్నల్
- సింహముద్ర, త్రికోణంగా మూడు నక్షత్రాలు: బ్రిగేడియర్
- అడ్డంగా కత్తి, దండం, పైన ఒక నక్షత్రం: మేజర్ జనరల్
- అడ్డంగా కత్తి, దండం, పైన సింహముద్ర: లెఫ్టినెంట్ జనరల్
- అడ్డంగా కత్తి, దండం, పైన నక్షత్రం, సింహముద్ర: జనరల్

పాత ఫోటోల్లో పట్టీ లేకుండా ఒక్క నక్షత్రమే ఉంటే సెకండ్ లెఫ్టినెంట్. ఇప్పుడు ఆ హోదా వాడుకలో లేదు.

పెద్ద అధికారుల కాలరు మీద ఎర్రటి పట్టీలుంటాయి. వాటి మీది నక్షత్రాలు వేరే లెక్క: బ్రిగేడియర్‌కు ఒకటి, మేజర్ జనరల్‌కు రెండు, లెఫ్టినెంట్ జనరల్‌కు మూడు, జనరల్‌కు నాలుగు. భుజం సరిగా కనిపించని ఫోటోలో కాలరు చూస్తే చాలు. కానీ కాలరు నక్షత్రాలను భుజం లెక్కతో చదివితే లెఫ్టినెంట్ జనరల్ కాస్తా కెప్టెన్ అయిపోతాడు.

గూర్ఖా రైఫిల్స్ వంటి రైఫిల్ రెజిమెంట్లలో గుర్తులు బంగారు రంగులో కాక నల్లగా ఉంటాయి. నక్షత్రాలు కనిపించడం లేదని సిపాయి అనుకోకుండా, నల్లటి ఉబ్బెత్తు ఆకారాలేమైనా ఉన్నాయేమో చూడండి.

## 6. కిరీటమా, సింహమా: ఫోటో కాలం తేల్చుకోవడం

1950 జనవరి 26న దేశం గణతంత్రం కావడంతో యూనిఫారం మీద కిరీటం పోయి అశోకుని సింహముద్ర వచ్చింది. నక్షత్రం ఆకారం కూడా మారింది. ఫోటో కాలానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

భూతద్దంతో చూసినప్పుడు బ్రిటిష్ కాలపు నక్షత్రం నిజానికి నక్షత్రంలా ఉండదు. ఒక మూల మీద నిలబెట్టిన చతురస్రంలా, పేకముక్కల్లోని డైమండ్‌లా ఉంటుంది. మధ్యలో గుండ్రటి బిళ్ళ, దానిలో మూడు చిన్న కిరీటాలు. స్వతంత్ర భారతం నక్షత్రానికి అయిదు కోణాలు. ఫోటో మసకగా ఉన్నా ఈ తేడా దొరుకుతుంది: నాలుగు వైపులా సమానంగా మొనదేలి ఉంటే పాతది, పైన ఒక మొన, కింద రెండు కాళ్ళు ఉన్నట్టుంటే కొత్తది.

కిరీటం వెడల్పుగా, పైన గుమ్మటంలా ఉంటుంది. సింహముద్ర నిలువుగా, సన్నగా, స్తంభంలా ఉంటుంది. వివరాలు కనిపించకపోయినా ఎత్తు ఎక్కువా, వెడల్పు ఎక్కువా అన్నది చూస్తే చాలు.

హోదాల లెక్క మాత్రం రెండు కాలాల్లోనూ ఒకటే. సింహముద్ర ఉన్నచోట కిరీటం అనుకుని చదవండి. పాత ఫోటోలో కిరీటం మాత్రమే ఉంటే మేజర్, కిరీటంతో పాటు అడ్డపట్టీ ఉంటే సుబేదార్ మేజర్.

## 7. భుజపట్టీ చివరి అక్షరాలు: ఇది మనిషి ఇల్లు

భుజపట్టీ చేతి మీదికి వాలే చోట ఇత్తడితోనో గుడ్డతోనో చేసిన అక్షరాలుంటాయి. దీన్ని షోల్డర్ టైటిల్ అంటారు. ఇది సైనికుడి సొంత రెజిమెంటు లేదా కోర్ పేరు. ఎక్కడికి బదిలీ అయినా సాధారణంగా ఇది మారదు.

పదాతి రెజిమెంట్లకు "మద్రాస్" వంటి పేరు ఉంటుంది. సరఫరా దళానికి ఏఎస్‌సీ, వైద్య దళానికి ఏఎంసీ, మరమ్మతు దళానికి ఈఎంఈ వంటి పొడి అక్షరాలుంటాయి. పొడి అక్షరాల్లో కాలం కూడా దాగి ఉంటుంది. సరఫరా దళాన్ని 1935 నుంచి గణతంత్రం వచ్చేదాకా రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అనేవారు. భుజం మీద ఆర్‌ఐఏఎస్‌సీ అని ఉంటే ఫోటో ఆ మధ్య కాలానిది. ఏఎస్‌సీ అని మాత్రమే ఉంటే 1950 తర్వాతది.

అక్షరాలు చదవలేకపోతే టోపీ బిళ్ళను చూడండి. మద్రాస్ రెజిమెంటు బిళ్ళలో ఏనుగు ఉంటుంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఎక్కువమంది చేరే రెజిమెంట్లలో అది ఒకటి కనుక ఆ ఏనుగును గుర్తుపట్టడం మీకు పనికివస్తుంది.

రెండు హద్దులు తెలుసుకోండి. షోల్డర్ టైటిల్ సాధారణంగా రెజిమెంటు పేరు చెబుతుందే గాని, అందులో ఎన్నో బెటాలియనో చెప్పదు. అది కాగితాల్లోనే దొరుకుతుంది. రెండోది, 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆపై అధికారులందరికీ ఒకే రకం యూనిఫారం వచ్చింది. ఆ తర్వాతి ఫోటోల్లో వారి భుజం మీద రెజిమెంటును వెతకవద్దు.

## 8. చేతి బిళ్ళ: ఇది మనిషి చిరునామా

ఎడమచేతి మీద, భుజానికి కొంచెం కింద, రంగు గుడ్డబిళ్ళ ఉంటే అది ఫార్మేషన్ గుర్తు. ఆ సైనికుడి దళం అప్పుడు ఏ కమాండ్, ఏ కోర్, ఏ డివిజన్ కింద ఉందో చెబుతుంది. ఇక్కడ కోర్ అంటే కొన్ని డివిజన్లను కలిపిన పెద్ద విభాగం, పైన చెప్పిన సరఫరా కోర్ వంటిది కాదు. దళం మరో డివిజన్ కిందికి వెళితే పాత బిళ్ళ విప్పి కొత్తది కుట్టుకోవాలి. అందుకే ఒకే మనిషి రెండు ఫోటోల్లో రెండు బిళ్ళలు కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. ఇల్లు అదే, చిరునామా మారింది.

బిళ్ళ చదివేటప్పుడు ముందు వెనుక రంగు, తర్వాత బొమ్మ చూడాలి. మూడు అడ్డచారలు ఎరుపు, నలుపు, ఎరుపు అయితే కమాండ్ స్థాయి. ఎరుపు, తెలుపు, ఎరుపు అయితే కోర్ స్థాయి. నలుపు తెలుపు ఫోటోలో మధ్య చార తెల్లగా మెరిస్తే కోర్ అనుకోవచ్చు. ఈ చారలు లేకుండా ఒకే బొమ్మ ఉంటే చాలావరకు డివిజన్ గాని, స్వతంత్ర బ్రిగేడ్ గాని అవుతుంది.

డివిజన్ గుర్తుల్లో కొన్ని రెండో ప్రపంచ యుద్ధం నాటివి. 4వ డివిజన్‌కు ఎర్ర గద్ద, 5వ డివిజన్‌కు నల్లటి గుడ్డ మీద ఎర్రటి గుండ్రం, 17వ డివిజన్‌కు నల్ల పిల్లి, 23వ డివిజన్‌కు కోడిపుంజు. తాతగారు బర్మాలో పోరాడారని ఇంట్లో చెప్పుకుంటూ, ఫోటోలో చేతి మీద పిల్లి కనిపిస్తే ఆ మాటకు బలం వచ్చినట్టే. 17వ డివిజన్ యుద్ధకాలమంతా ఆ వైపే పోరాడింది.

ఎర్ర గుండ్రం నల్ల గుడ్డ మీద ఉంటే పాత ఫిల్ములో రెండూ కలిసి ఒకే నల్లటి చతురస్రంలా కనిపిస్తాయి. ఖాళీ బిళ్ళ అనుకునే ముందు స్కాన్‌లో ఆ భాగం వెలుగును బాగా పెంచి చూడండి.

## 9. ఒక ఫోటోను మొదటి నుంచి చివరి దాకా చదువుదాం

తెలిసినవారి ఇంట్లో ఒక ఫోటో ఉంది. వాళ్ళ తాతగారు, నిలువెత్తు, స్టూడియోలో కుర్చీ మీద చేయి వేసి నిలబడ్డారు. "తాతగారు లెఫ్టినెంట్‌గా రిటైరయ్యారు" అన్నది ఇంట్లో మాట. తేదీ లేదు.

రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద ఉన్నాయి, కనుక ఫోటో తిరగబడలేదు. చేతుల మీద గీతలు లేవు, భుజాల మీద రెండేసి నక్షత్రాలున్నాయి. ఇంతవరకు ఇంట్లోవారి మాట నిజమే అనిపిస్తుంది.

ఎడమ భుజం నీడలో ఉంది. కుడి భుజాన్ని పెద్దది చేస్తే నక్షత్రాలకూ అక్షరాలకూ మధ్య సన్నని అడ్డపట్టీ కనిపించింది. అంచులు ముదురుగా, మధ్య లేతగా ఉంది. అంటే ఫోటో తీసినప్పుడు ఆయన సుబేదారు. పట్టీ ఒకటే ఉంది కనుక యుద్ధం తర్వాతి కాలం.

నక్షత్రాలకు అయిదు కోణాలు స్పష్టంగా ఉన్నాయి. అక్షరాలు ఏఎస్‌సీ. ఈ రెండూ ఒకే మాట చెబుతున్నాయి: 1950 తర్వాత. ఒక ఆధారం మీదే ఆగిపోకుండా రెండోది కూడా అదే చెబుతోందా అని చూడడం అలవాటు చేసుకోండి.

ఎడమచేతి బిళ్ళలో రెక్కలు చాచిన పక్షి ఉంది. 4వ డివిజన్ గద్ద. ఫోటో వెనుక స్టూడియో ముద్రలో అంబాలా అన్న ఊరి పేరు ఉంది. ఆ డివిజన్ అంబాలాలో ఉండేది. 1959 చివర్లో దాన్ని అప్పటి నేఫాకు, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్ వైపుకు తరలించారు. కనుక ఫోటో 1950కీ 1959కీ మధ్యది కావడానికే అవకాశం ఎక్కువ.

రిబ్బన్లలో ఒకటి మూడు సమాన నిలువు చారలుగా, మధ్యలో తెల్లగా ఉంది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ చారలున్న స్వాతంత్ర్య పతకం రిబ్బన్ అలాగే ఉంటుంది. అదే అయితే 1947 ఆగస్టు 15 నాటికి ఆయన అప్పటికే సర్వీసులో ఉన్నారు.

మరి "లెఫ్టినెంట్" అన్న మాట ఎక్కడిది? ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో దొరికిన పెన్షన్ కాగితం మీద సర్వీసు నంబరు జేసీ అక్షరాలతో మొదలైంది. జేసీఓల నంబర్లు అలాగే మొదలవుతాయి. ఆఫీసర్లవి ఐసీ వంటి అక్షరాలతో మొదలవుతాయి. అదే కాగితంలో హోదా దగ్గర "ఆనరరీ లెఫ్టినెంట్" అని ఉంది. మంచి సర్వీసు చేసిన జేసీఓలకు రిటైరయ్యే ముందో, రిటైరయ్యాకో గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ఇస్తారు. ఇంట్లోవారి మాట తప్పు కాదు, ఫోటో తప్పు కాదు. రెండింటి మధ్య కొన్నేళ్ళ దూరం ఉంది, అంతే. ఆ కాగితం చూసినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ ఫోటోను చేతిలోకి తీసుకుని భుజం దగ్గర వేలితో తడిమి చూశారు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

రెండు నక్షత్రాలు చూడగానే లెఫ్టినెంట్ అనడం. అడ్డపట్టీ లేదని కళ్ళారా చూశాకే ఆ మాట అనండి. వయసు కూడా సాయం చేస్తుంది. నలభై దాటిన మనిషి భుజం మీద రెండు నక్షత్రాలుంటే సుబేదారు అయ్యే అవకాశమే ఎక్కువ.

చేతి బిళ్ళను రెజిమెంటు అనుకోవడం. గద్ద బొమ్మ ఉన్నవారంతా ఒకే రెజిమెంటువారు కారు. ఒక డివిజన్‌లో పదాతి, ఫిరంగి, ఇంజనీర్లు, వైద్యులు అందరూ ఉంటారు, అందరూ అదే బిళ్ళ కుట్టుకుంటారు.

మెరూన్ టోపీ చూడగానే కమాండో అనడం. పారాచూట్ దళాలతో పనిచేసే వైద్యులు, ఇంజనీర్లు కూడా ఆ టోపీ పెట్టుకుంటారు. భుజం అక్షరాలు చూశాకే చెప్పండి.

కుడి రొమ్ము మీది పతకాలను ఆయనవే అనుకోవడం. అమరుడైన తండ్రివో భర్తవో పతకాలను కుటుంబసభ్యులు కుడివైపు ధరిస్తారు. ఒక మనిషికి రెండువైపులా పతకాలుంటే ఎడమవి మాత్రమే ఆయన సొంతం.

హవల్దార్ మేజర్‌ను హోదా అనుకోవడం. అది హవల్దారుకు అప్పగించే బాధ్యత. మూడు గీతలతో పాటు అదనంగా ఏదైనా గుర్తు కనిపిస్తే అటువంటి బాధ్యత ఉందని రాసుకుని, పేరు కాగితాల్లో వెతకండి.

## 11. చదివింది రాసిపెట్టుకోవడం, కాగితాలతో సరిచూసుకోవడం

ప్రతి ఫోటోకూ ఒక కాగితం పెట్టుకుని ఈ వరుసలో నింపండి:

- ఫోటో వెనుక ఏముంది
- గీతలు: ఎన్ని, ఏ చేయి, మొన ఎటు
- భుజం: నక్షత్రాలు ఎన్ని, కోణాలు ఎన్ని, కిరీటమా సింహమా
- అడ్డపట్టీ: ఉంది, లేదు, తేలలేదు
- షోల్డర్ టైటిల్ అక్షరాలు, చదవగలిగినన్ని
- టోపీ బిళ్ళ బొమ్మ
- ఎడమచేతి బిళ్ళ: బొమ్మ, చారలు
- రిబ్బన్లు: ఎన్ని, ఒక్కొక్కదాని చారల అమరిక
- వీటిలో ఒకదానికొకటి పొసగనివి ఏవి

చివరి వరుస ముఖ్యం. అయిదు కోణాల నక్షత్రం, ఆర్‌ఐఏఎస్‌సీ అక్షరాలు ఒకే భుజం మీద కనిపిస్తే ఏదో ఒకటి తప్పు చదివారు. స్కాన్ మళ్ళీ తెరవండి.

బెటాలియన్ నంబరు, చేరిన తేదీ, రిటైరైన తేదీ, చివరి హోదా ఫోటోలో దొరకవు. వాటికి డిశ్చార్జ్ పుస్తకం, పెన్షన్ కాగితం కావాలి. అవి లేకపోతే సర్వీసు నంబరు ఎక్కడైనా ఉందేమో వెతకండి. పతకాల అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉండడం సాధారణం, కనుక పతకాన్ని పక్కకు తిప్పి వెలుగులో చూడండి. తోమి మెరిపించకండి, అక్షరాలు అరిగిపోతాయి.

నంబరు దొరికితే ఆ రెజిమెంటు రికార్డ్స్ కార్యాలయానికి రాయవచ్చు. మద్రాస్ రెజిమెంటుకు అది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరులో ఉంది. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఎవరికి రాయాలో చెబుతారు. ఉత్తరంలో నంబరు, పేరు, సొంత ఊరు, మీకు ఆయన ఏమవుతారో రాసి, పైన నింపిన కాగితం నకలు, ఫోటో స్కాన్ జతచేయండి. అసలు ఫోటోను మాత్రం పంపవద్దు.